షాపు లీజు మధ్యలో రద్దు: పెనాల్టీ ఎక్కడ రాయాలి, లీజ్ లయబిలిటీ ఏ రోజు తీసేయాలి?

ప్రశ్న: మాది ఒక లిస్టెడ్ కంపెనీకి అనుబంధ సంస్థ. విశాఖ ద్వారకానగర్‌లో బట్టల షాపు కోసం 2022 ఏప్రిల్ 1 నుంచి అయిదేళ్లకు లీజు తీసుకున్నాం. నెలాఖరున రూ. 1,00,000 అద్దె, వడ్డీ లేని డిపాజిట్ రూ. 6,00,000. అయిదేళ్లూ లాక్-ఇన్. లెక్కల్లో రేటు నెలకు 1 శాతం. బేరాలు తగ్గడంతో ఓనరుతో మాట్లాడుకుని 2024 సెప్టెంబర్ 30న రద్దు ఒప్పందం రాసుకున్నాం. డిసెంబర్ 31న తాళాలు ఇచ్చేశాం. మూడు నెలల అద్దె పెనాల్టీ. ఆ రోజే లీజ్ లయబిలిటీ, రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి రెండూ తీసేసి, పెనాల్టీ కలుపుకుని రూ. 88,394 నష్టం రాశాం. గ్రూప్ ఆడిటరు ఇది సెప్టెంబర్ క్వార్టర్‌లోనే రావాలంటున్నారు. షాపు అప్పటికింకా మా చేతిలోనే ఉంది కదా? ఎవరిది సరి? – అకౌంట్స్ విభాగం ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: ఆడిటరుగారు చెప్పిందే సరి. మీ లెక్కలో కూడికలు, తీసివేతల్లో తప్పేమీ లేదు. తప్పంతా తేదీలో ఉంది. ఏడాది మొత్తం మీద మీ పద్ధతిలోనూ, సరైన పద్ధతిలోనూ లాభనష్టాలకు చేరే మొత్తం రూపాయి తేడా లేకుండా ఒకటే. తేడా ఏ క్వార్టర్‌లో, ఏ పద్దులో పడింది అన్నదానిలోనే.

ఇండ్ ఏఎస్ 116 ప్రకారం లీజు షరతులు మారితే, ఇరుపక్షాలూ ఆ మార్పుకు ఒప్పుకున్న తేదీన లెక్క మార్చాలి. తాళాలు ఇచ్చిన తేదీ దానికి లెక్కలోకి రాదు. సెప్టెంబర్ 30న సంతకాలు పడ్డాక మీ చేతిలో ఉన్నది 30 నెలల లీజు కాదు, మూడు నెలల లీజు. ఆ రోజు నుంచి మీరు ఓనరుకు బాకీ ఉన్నది కూడా 30 నెలల అద్దె కాదు. మూడు నెలల అద్దె, దాని మీద పెనాల్టీ, అంతే. అలాంటప్పుడు సెప్టెంబర్ 30 బ్యాలెన్స్ షీటులో 25 లక్షల పైచిలుకు లయబిలిటీ చూపించడం లేని అప్పును చూపించడమే అవుతుంది. షాపు ఇంకా మీ దగ్గరే ఉందన్న మాట నిజమే. అందుకే ఆ మూడు నెలలకు సరిపడా ఆస్తి, లయబిలిటీ పుస్తకాల్లో ఉంచి మిగతాది తీసేస్తాం.

లెక్కకు ముందు అగ్రిమెంటులో ఒక క్లాజు చూసుకోవాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మీకు అయిదేళ్లూ లాక్-ఇన్. మధ్యలో వెళ్లిపోయే హక్కు అసలు ఒప్పందంలో లేదు. ఓనరు దయతలచి కొత్తగా ఒప్పుకున్నారు కాబట్టి ఇది లీజు మార్పు, అంటే మోడిఫికేషన్. అలా కాకుండా 'మూడు నెలల నోటీసు, మూడు నెలల అద్దె పెనాల్టీతో ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు' అని మొదటే రాసి ఉండి, మీరు ఆ హక్కు వాడుకోరనే అంచనాతో అయిదేళ్ల లెక్క వేసి ఉంటే, అది మార్పు కాదు. లీజు గడువును తిరిగి అంచనా వేయడం అవుతుంది. ఆ లెక్క వేరు, కింద చెబుతాను.

ఇప్పుడు మీ అంకెలు. మొదటి రోజు 60 నెలల అద్దె ప్రస్తుత విలువ రూ. 44,95,504. డిపాజిట్‌కు వడ్డీ రాదు కాబట్టి దాని విలువ ఆ రోజుకు రూ. 3,30,270. మిగతా రూ. 2,69,730 ముందే చెల్లించిన అద్దె లాంటిది, అది ఆస్తిలో కలిసింది. డిపాజిట్‌కూ అదే 1 శాతం వాడారని అనుకుంటున్నాను. మీరు డిసెంబర్‌లో రాసిన నష్టం ఆ లెక్కతో సరిగ్గా కలుస్తోంది. అలా ఆస్తి రూ. 47,65,234 అయింది. 60 నెలల్లో 30 గడిచాయి కాబట్టి 2024 సెప్టెంబర్ 30న ఆస్తిలో మిగిలింది రూ. 23,82,617. సెప్టెంబర్ అద్దె కట్టాక లయబిలిటీ రూ. 25,80,771.

మార్పును రెండు మెట్లుగా చేయాలి. రెండూ కలిపేస్తే ఏది లాభం, ఏది ఆస్తికి సర్దుబాటు అన్నది తేలదు.

మొదటి మెట్టు గడువు తగ్గింపు. మిగిలిన 30 నెలల్లో 27 నెలల హక్కు పోయింది. ఆస్తిలో పదింట తొమ్మిది వంతులు, అంటే రూ. 21,44,355 తీసేయాలి. మూడు నెలలకు సరిపడా రూ. 2,38,262 మిగులుతుంది. లయబిలిటీ వైపు, పాత రేటుతోనే మూడు నెలల అద్దె విలువ కడితే రూ. 2,94,099. మిగతా రూ. 22,86,672 తీసేయాలి. తీసేసిన ఆస్తి కన్నా తీసేసిన అప్పు ఎక్కువ కాబట్టి తేడా లాభం.

లీజ్ లయబిలిటీ – డెబిట్ 22,86,672
రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి – క్రెడిట్ 21,44,355
లీజు గడువు తగ్గింపుపై లాభం – క్రెడిట్ 1,42,317

పెనాల్టీ కట్టి బయటపడుతుంటే లాభమేమిటని మీ మేనేజ్‌మెంట్ అడుగుతుంది. కారణం ఉంది. ఆస్తి ప్రతి నెలా సమంగా తరుగుతుంది. లయబిలిటీ మాత్రం మొదట్లో నెమ్మదిగా తగ్గుతుంది, ఎందుకంటే తొలి ఏళ్లలో కట్టే అద్దెలో వడ్డీ భాగమే ఎక్కువ. అందుకే లీజు నడిమధ్యలో అప్పు ఆస్తిని మించి ఉండటం మామూలే. గడిచిన రెండున్నరేళ్లలో అద్దె కంటే ఎక్కువగా ఖర్చు రాసుకున్న భాగం ఇప్పుడు వెనక్కి వస్తోంది. నగదు లాభమేమీ కాదు. ఆ మాట బోర్డు నోట్‌లో ఒక వాక్యంగా రాయండి, తర్వాత వచ్చే ప్రశ్నలు తగ్గుతాయి.

ఆస్తిని నెలల నిష్పత్తిలో కాకుండా లయబిలిటీ నిష్పత్తిలో తగ్గించేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒకటి ఎంచుకుని అన్ని షాపులకూ అదే పాటించాలి. షాపు షాపుకీ అనుకూలమైన పద్ధతి మారిస్తే ఆడిటరు ఒప్పుకోరు. నెలల నిష్పత్తి సులువు, వివరించడమూ సులువు. నేనైతే దాన్నే వాడమంటాను.

రెండో మెట్టు పెనాల్టీ, కొత్త రేటు. మార్పు రోజున డిస్కౌంట్ రేటు కూడా కొత్తగా తీసుకోవాలి. ఆ రోజు మూడు నెలల కాలానికి మీ కంపెనీకి అప్పు ఏ రేటుకు పుడుతుందో బ్యాంకు నుంచి తెలుసుకోండి. ఇక్కడ నెలకు 0.9 శాతం అనుకుందాం. కట్టాల్సినవి అక్టోబర్, నవంబర్ చివర లక్ష చొప్పున, డిసెంబర్ చివర లక్ష అద్దె, మూడు లక్షల పెనాల్టీ. ఎక్సెల్‌లో పాత, కొత్త లయబిలిటీలు ఇలా వస్తాయి:

```
=PV(1%,30,-100000)
=PV(0.9%,3,-100000,-300000)
```

మొదటిది 25,80,771, రెండోది 5,86,724. మొదటి మెట్టు తర్వాత పుస్తకంలో ఉన్నది 2,94,099 కాబట్టి ఇంకా 2,92,625 పెంచాలి. ఈ పెంపు నేరుగా లాభనష్టాలకు వెళ్లదు, ఆస్తికి చేరుతుంది.

రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి – డెబిట్ 2,92,625
లీజ్ లయబిలిటీ – క్రెడిట్ 2,92,625

పెనాల్టీని ఆస్తిలో కలపడమేమిటని చాలామందికి అనిపిస్తుంది. మారిన ఒప్పందంలో ఆ మూడు నెలలు షాపు వాడుకోవడానికి మీరు చెల్లించేదంతా కలిపి ఆరు లక్షలు. దాన్ని విడగొట్టి సగం అద్దె, సగం శిక్ష అని చూడటానికి వీల్లేదు. అందుకే అది ఆ మూడు నెలల మీదుగానే ఖర్చవుతుంది. ఇప్పుడు ఆస్తి రూ. 5,30,887. మూడు నెలల్లో తరుగుదల నెలకు సుమారు 1,76,962. వడ్డీ అక్టోబర్‌లో 5,280, నవంబర్‌లో 4,428, డిసెంబర్‌లో 3,568. డిసెంబర్ 31న నాలుగు లక్షలు చెల్లించగానే లయబిలిటీ సున్నా, ఆస్తి సున్నా. అంటే తాళాలు అప్పగించే రోజున లాభనష్టాలకు రాయాల్సిందేమీ మిగలకూడదు. ఆ రోజు ఏదైనా మిగిలిందంటే సెప్టెంబర్ లెక్కలో పొరపాటు ఉన్నట్టే. ఇదే మీ పనిని సరిచూసుకునే తేలికైన పరీక్ష.

ఇంకో పరీక్ష మొత్తాలతో. సరైన పద్ధతిలో సెప్టెంబర్ క్వార్టర్‌లో లాభం 1,42,317, డిసెంబర్ క్వార్టర్‌లో తరుగుదల, వడ్డీ కలిపి ఖర్చు 5,44,163. నికర ఖర్చు 4,01,846. మీ పద్ధతిలో డిసెంబర్ క్వార్టర్‌లో పాత షెడ్యూలు ప్రకారం తరుగుదల 2,38,262, వడ్డీ 75,190, రద్దుపై నష్టం 88,394. అదీ 4,01,846. మీ రెండు తేదీలూ ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉండటం అదృష్టం. సంతకాలు ఫిబ్రవరిలో, ఖాళీ చేయడం మేలో జరిగి ఉంటే మార్చి 31 మధ్యలో పడి రెండేళ్ల లాభాలూ తప్పయ్యేవి.

ముందు చెప్పిన రెండో పరిస్థితికి వద్దాం. వెళ్లిపోయే హక్కు మొదటి అగ్రిమెంటులోనే ఉంటే, లయబిలిటీని అదే 5,86,724కు దించుతాం. తగ్గిన 19,94,047 మొత్తం ఆస్తి నుంచి తీసేస్తాం. ఆస్తి 3,88,570 మిగులుతుంది, లాభం ఏమీ రాదు. తీసేయాల్సింది ఆస్తి కన్నా ఎక్కువై ఆస్తి సున్నాకు చేరితేనే మిగిలినది లాభనష్టాలకు పోతుంది. ఇక్కడా మూడు నెలల తరుగుదల, వడ్డీ కలిపితే అదే 4,01,846. కానీ ఈ పరిస్థితిలో తేదీ ఇంకా ముందుకు జరగవచ్చు. నోటీసు ఇచ్చేవరకూ ఆగకూడదు. షాపు మూసేయాలని మేనేజ్‌మెంట్ నిర్ణయించి, కొత్త చోట షాపు తీసుకోవడం లాంటి పనుల్లో దిగితే, అప్పుడే గడువు అంచనా మార్చాల్సి రావచ్చు. అందుకే బోర్డు తీర్మానం తేదీ కూడా ఫైల్లో పెట్టండి.

సంతకం, ఖాళీ రెండూ ఒకే రోజు జరిగితే ఈ మెట్లేవీ అక్కర్లేదు. ఆస్తి, లయబిలిటీ రెండూ పూర్తిగా తీసేసి, పెనాల్టీని కలుపుకుని తేడాను లాభంగానో నష్టంగానో రాస్తే చాలు. మీరు డిసెంబర్‌లో చేసింది ఈ పరిస్థితికి సరిపోయే ఎంట్రీ.

ఇక డిపాజిట్. మీ ఉత్తరంలో దాని లెక్క లేదు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. సెప్టెంబర్ 30న పుస్తకంలో డిపాజిట్ విలువ రూ. 4,45,154. ఇంకా 30 నెలలకు గానీ వెనక్కి రాదన్న లెక్క అది. ఇప్పుడు మూడు నెలల్లోనే వస్తుంది. దీనికి ఇండ్ ఏఎస్ 109 వర్తిస్తుంది. అక్కడ రేటు మార్చరు. మొదటి 1 శాతంతోనే, మూడు నెలల తర్వాత వచ్చే ఆరు లక్షల విలువ కట్టాలి. అది రూ. 5,82,354. తేడా రూ. 1,37,200 సెప్టెంబర్ క్వార్టర్‌కే ఆదాయం. మిగతా 17,646 డిసెంబర్‌లోగా వడ్డీ ఆదాయంగా వస్తుంది.

ఇది మరిచిపోతే ఏమవుతుందో చూడండి. డిపాజిట్‌లో తగ్గించిన 2,69,730 మొదట్లో ఆస్తిలోకి వెళ్లింది. దానిలో మిగిలిన భాగం చాలావరకు గడువు తగ్గింపు ఎంట్రీలో ఆస్తితో పాటు పోయింది, అంటే మీ లాభాన్ని తగ్గించింది. దానికి జోడుగా రావాల్సిన ఆదాయం డిపాజిట్ వైపు ఉంది. ఒక వైపే రాసి రెండో వైపు వదిలేస్తే రద్దు ఖర్చు ఎక్కువగా కనబడుతుంది, డిపాజిట్ లెడ్జరులో ఎవరికీ అర్థంకాని క్రెడిట్ తేలుతుంది. డిసెంబర్ 31న మీ డిపాజిట్ లెడ్జరు 4,58,642 దగ్గర ఆగి ఉంటే జరిగింది ఇదే.

ఓనరు ఇచ్చిన సెటిల్‌మెంట్ కాగితం జాగ్రత్తగా విడదీయండి. మామూలుగా అందులో 'డిపాజిట్ 6,00,000లో అన్నీ పోను ఇంత' అని ఒకే అంకె ఉంటుంది. బ్యాంకులో పడిన ఆ అంకెనే డిపాజిట్‌కు క్రెడిట్ చేసి మిగిలినదంతా పెనాల్టీ పద్దులో పడేయడం సాధారణంగా జరిగే తప్పు. ఆ 'అన్నీ'లో ఏపీఈపీడీసీఎల్ కరెంటు బిల్లు బాకీ ఉండవచ్చు, అది కరెంటు ఖర్చే. గోడలకు రంగు, పగిలిన టైల్స్ బాగుచేతకు పట్టుకున్నది ఉండవచ్చు. అది ముందే ప్రొవిజన్ పెట్టి ఉంటే అందులోంచి పోతుంది, లేకపోతే ఖర్చు. లీజ్ లయబిలిటీలోకి వచ్చేది పెనాల్టీ మూడు లక్షలే.

పెనాల్టీ మీద జీఎస్టీ సంగతి. 2022 ఆగస్టు 3 నాటి 178 నంబరు సర్క్యులర్ నష్టపరిహారాలను రెండు రకాలుగా చూస్తుంది. ఒప్పందం ఉల్లంఘించినందుకు కట్టే పరిహారం మామూలుగా పన్నుకు రాదు. లీజును ముందే ముగించుకునే వెసులుబాటు కోసం ఒప్పందం ప్రకారం కట్టేది మాత్రం, పేరు పెనాల్టీ అయినా, ప్రతిఫలమే. దానికి అసలు సేవకు ఉన్న పన్నే పడుతుంది. మీ ఓనరు రిజిస్టరైనవారైతే మూడు లక్షల మీద 18 శాతం చొప్పున 54,000 వేసి ఇన్వాయిస్ ఇస్తారు. బట్టల అమ్మకం పన్ను పడే వ్యాపారం కాబట్టి, మిగతా షరతులు కుదిరితే ఆ 54,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. దాన్ని లీజ్ లయబిలిటీ లెక్కలో కలపకూడదు. సెటిల్‌మెంట్‌లో వేరే కోతలు లేకపోతే మీకు బ్యాంకులో వచ్చేది 2,46,000. ఇన్వాయిస్ లేకుండా డిపాజిట్‌లోంచి 3,54,000 పట్టేసుకుంటే క్రెడిట్ పోతుంది. తాళాలు ఇచ్చేముందే ఇన్వాయిస్ అడిగి తీసుకోవాల్సింది. ఇంకా రాకపోతే ఇప్పుడైనా వెంటపడండి.

షాపులో మీరు వేయించిన ర్యాకులు, ఫాల్స్ సీలింగ్, గ్లాసు పని కూడా లెక్కే. వేరే చోటికి తీసుకెళ్లలేనివాటి జీవితకాలం సెప్టెంబర్ 30న మూడు నెలలకు కుదించుకుపోయింది. మిగిలిన విలువ ఆ మూడు నెలల్లో తరుగుదలగా పోవాలి, డిసెంబర్‌లో ఒకేసారి రైటాఫ్ చేయడం కాదు. సంతకం తర్వాత వెంటనే షట్టర్ దించేసి మూడు నెలలూ ఖాళీగా ఉంచి ఉంటే మాత్రం, లీజు ఆస్తికీ ఈ ఫిట్టింగులకూ ఇంపెయిర్‌మెంట్ పరీక్ష చేయాలి. అప్పుడు 5,30,887లో చాలా భాగం సెప్టెంబర్‌లోనే పోవచ్చు. డిసెంబర్ దాకా అమ్మకాలు నడిచాయో లేదో మీ ఉత్తరంలో లేదు కాబట్టి ఇది మీరే చూసుకోవాలి.

దిద్దుబాటు ఇలా చేయండి. డిసెంబర్ 31న రాసిన రద్దు ఎంట్రీని, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పాత షెడ్యూలు ప్రకారం రాసిన తరుగుదల, వడ్డీ ఎంట్రీలను పూర్తిగా వెనక్కి తిప్పి, సెప్టెంబర్ 30 తేదీతో పై ఎంట్రీలు వేయండి. సెప్టెంబర్ ప్యాకేజీ గ్రూపుకు పంపేసి ఉంటే ఎంట్రీ మీ అంతట మీరు వెనక్కి వేయకండి. లీజుపై 1,42,317, డిపాజిట్‌పై 1,37,200, కలిపి 2,79,517 అని వర్కింగ్‌తో సహా గ్రూప్ ఆడిటరుకు ఇవ్వండి. గ్రూపు పరిమాణంలో అది పెద్దదా చిన్నదా అన్నది తేల్చాల్సింది వారు. ఏడాది చివరి లెక్కల్లో మొత్తం ఎలాగూ సరిపోతుంది. పద్దులు మాత్రం మార్చాలి: మీ 88,394 నష్టం పద్దు పోయి, గడువు తగ్గింపు లాభం, పెరిగిన తరుగుదల కనబడాలి. నగదు ప్రవాహాల పట్టికలో పెనాల్టీ లయబిలిటీలో భాగంగా చెల్లించారు కాబట్టి దాని అసలు ఫైనాన్సింగ్ కిందికి వస్తుంది. డిఫర్డ్ ట్యాక్స్‌లో ఈ షాపు ఆస్తి, లయబిలిటీ, డిపాజిట్ మీద ఉన్న బ్యాలెన్సులన్నీ డిసెంబర్ 31కి సున్నా కావాలి.

చివరగా ఆస్తుల రిజిస్టరు. నికర విలువ సున్నా అయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. గడువు తగ్గింపు రోజున మూల విలువలోంచీ, పేరుకున్న తరుగుదలలోంచీ పదింట తొమ్మిది వంతులు తీసేస్తే, డిసెంబర్ 31కి రెండు వైపులా రూ. 7,69,148 చొప్పున మిగులుతుంది. ఒకదానికొకటి కొట్టేసి లైను మూసేయండి. షెడ్యూలు నడిపే ఎక్సెల్‌లో గానీ సాఫ్ట్‌వేర్‌లో గానీ లీజు ముగింపు తేదీ ఇంకా 2027 మార్చి 31 అనే ఉంటే, జనవరిలో తరుగుదల ఎంట్రీ దానంతటదే పడుతుంది. ముందు ఆ తేదీని సరిచేసి, జనవరి ట్రయల్ బ్యాలెన్సులో ఈ షాపు కోడ్ మీద ఏమీ పడలేదని చూసుకోండి. ఫైల్లో రద్దు ఒప్పందం, తాళాలు అందినట్టు ఓనరు సంతకం చేసిన కాగితం, సెటిల్‌మెంట్ పత్రం, పెనాల్టీ ఇన్వాయిస్, 0.9 శాతం లాంటి కొత్త రేటుకు బ్యాంకు ఇచ్చిన ఆధారం ఉంచండి. ఆడిటరు అడిగేది ముఖ్యంగా ఇవే. అసలు లీజు రిజిస్టరై ఉంటే రద్దు పత్రాన్ని కూడా రిజిస్టర్ చేయించాలా అన్నది లాయరుతో మాట్లాడి, ఓనరుతో సంబంధాలు బాగున్నప్పుడే ఆ పని పూర్తి చేసుకోండి.